మూడు వారాలు ఇంట్లో పెట్టుకున్నవాళ్ళకు థాంక్యూ ఎలా రాయాలి?

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. ఎంఎస్ చదవడానికి ఆగస్టులో అమెరికా వచ్చాను. మిడ్‌వెస్ట్‌లో చిన్న యూనివర్సిటీ ఊరు. అపార్ట్‌మెంట్ లీజు మొదలయ్యేదాకా, యూనివర్సిటీ వాళ్ళిచ్చిన లిస్టులోంచి ఒక పెద్దవయసు దంపతుల ఇంట్లో మూడు వారాల దాకా ఉన్నాను. ఫ్లైట్ నాలుగు గంటలు లేటైనా ఎయిర్‌పోర్టులో నా కోసం నిలబడ్డారు. బ్యాంకుకి తీసుకెళ్ళారు, పాత సైకిల్ బాగుచేసి ఇచ్చారు, నేను శాకాహారినని ఆవిడ రోజూ వేరే వండింది. ఒకసారి నేను తిరగమోత పెడితే స్మోక్ అలారం మోగి ఇల్లంతా గోలైంది, ముగ్గురం నవ్వుకున్నాం. పైసా తీసుకోలేదు.

ఇప్పుడు అక్టోబర్ చివరికొచ్చాం, ఇంకా థాంక్స్ రాయలేదు. రాసినదేమో ఇలా ఉంది: ‘రెస్పెక్టెడ్ సర్ అండ్ మేడమ్, ఐ యామ్ వెరీ మచ్ థాంక్‌ఫుల్ టు యూ పీపుల్ ఫర్ గివింగ్ మీ షెల్టర్ అండ్ ఫుడ్. ఐ కెన్ నెవర్ రీపే దిస్ డెట్ ఇన్ మై లైఫ్. కైండ్లీ ఎక్స్‌క్యూజ్ ఎనీ మిస్టేక్స్ ఫ్రమ్ మై సైడ్.’ ఒక రూమ్మేట్ చదివి నవ్వాడు, ‘థాంక్స్ గైస్ అని వాట్సాప్ కొట్టెయ్’ అన్నాడు. ఇంకొకడు పెద్దవాళ్ళు కాబట్టి ఇలాగే మర్యాదగా ఉండాలన్నాడు. అమ్మ వెండి కుంకుమ భరిణె, చీర పంపిస్తానంటోంది. వాళ్ళ వంటింటి గట్టు మీద నా వల్ల పసుపు మరక పడింది, చెప్పకుండా వచ్చేశాను. ఇంకో టెన్షన్ ఏంటంటే, ఆవిడ ఆదివారాలు చర్చికి రమ్మంటుంది. మొహమాటానికి రెండుమూడు సార్లు వెళ్ళాను, ఇక వెళ్ళాలని లేదు. ఎక్కువ ప్రేమగా రాస్తే మళ్ళీ పిలుస్తారేమో. థాంక్స్‌గివింగ్ భోజనానికి కూడా పిలిచారు. ఏం రాయను?

సమాధానం:

ముందు మీ ఇద్దరు రూమ్మేట్ల పంచాయితీ తేల్చేద్దాం. ఇద్దరిదీ తప్పే. ‘థాంక్స్ గైస్’ అనేది కారులో లిఫ్ట్ ఇచ్చిన క్లాస్‌మేట్‌కి సరిపోతుంది. మీరు రాసినది తహసీల్దారుగారికి పెట్టుకునే అర్జీకి సరిపోతుంది. ఆ దంపతులు మీకు ఈ రెండూ కారు. ఒకే వంటింట్లో కొన్నాళ్ళు మసలిన పెద్దవాళ్ళు. పొట్టి వాక్యాల్లో, మాట్లాడినట్టే రాస్తే వాళ్ళకు అది అమర్యాదగా అనిపించదు, దగ్గరితనంగా అనిపిస్తుంది. అయితే స్పెల్లింగులు మింగేసి, ఫోన్‌లో కొట్టినట్టు రాస్తే మాత్రం తొందరలో పడేసినట్టుంటుంది.

ఇక మీ చిత్తుప్రతి. దాంట్లో ప్రేమ లేదని నేననను, మీ ఉత్తరం చదివితే అది ఎంతుందో తెలుస్తూనే ఉంది. కానీ ఆ ఇంగ్లిష్‌లోకి అది రాలేదు. మనం బళ్ళో నేర్చుకున్న ఉత్తరాల ఇంగ్లిష్ సెలవు చీటీలకు, దరఖాస్తులకు తయారైనది. దాంట్లో మర్యాద ఉంది గానీ మనుషులు లేరు.

‘రెస్పెక్టెడ్ సర్ అండ్ మేడమ్’ తీసెయ్యండి. మొదటిరోజు వాళ్ళు తమను ఏ పేరుతో పరిచయం చేసుకున్నారో ఆ పేరుతోనే పిలవాలి. అసలు పేర్లు వదిలేసి ఇక్కడ వాళ్ళను లిండా, టామ్ అందాం. ‘డియర్ లిండా అండ్ టామ్,’ చాలు. అరవై దాటిన మనిషిని పేరు పెట్టి పిలవడానికి మనకు నోరు రాదు, నాకు తెలుసు. దాంతో కొందరు మధ్యేమార్గంగా ‘మిస్టర్ టామ్’ అంటారు. అది అక్కడ వింతగా వినిపిస్తుంది, మిస్టర్ అనేది ఇంటిపేరుకే తగిలిస్తారు. ఆంటీ, అంకుల్ అంటే చాలామంది అమెరికన్లకు వరసైనవాళ్ళే గుర్తొస్తారు. మీరు ఇంట్లో ఉండగా అలా పిలిచి, వాళ్ళకు నచ్చి ఉంటే మాత్రం కార్డులోనూ అలాగే రాయండి. అలవాటైన పిలుపును ఉత్తరంలో మార్చకూడదు.

‘యూ పీపుల్’ మాత్రం తప్పకుండా తీసెయ్యండి. ‘మీరందరూ’, ‘మీవాళ్ళు’ అన్న మంచి ఉద్దేశంతోనే మనవాళ్ళు ఆ మాట వాడతారు. అమెరికాలో అది ఒక వర్గం మనుషుల్ని వేరుచేసి, చులకనగా అన్నట్టు వినపడుతుంది. మీ సంగతి తెలిసినవాళ్ళు కాబట్టి లిండా, టామ్ తప్పుపట్టరేమో గానీ, చదవగానే ఒక్క క్షణం ఆగుతారు. థాంక్యూ కార్డులో ఆ ఆగడం ఎందుకు? ‘యూ బోత్’ అనండి, ‘యూ టూ’ అన్నా సరే.

‘షెల్టర్’ అన్నది ఇల్లు లేనివాళ్ళకు, దిక్కులేని కుక్కపిల్లలకు ఆశ్రయమిచ్చే చోటు. ‘థాంక్యూ సో మచ్ ఫర్ హావింగ్ మీ’ అంటే మీరు అనుకుంటున్న మాట వచ్చేస్తుంది. ‘కైండ్లీ’ ఇప్పుడు అక్కడ ఎక్కువగా ఆఫీసు నోటీసుల్లో, డబ్బు గుంజే దొంగ ఈమెయిళ్ళలో కనిపించే మాట. ఇంటి మనుషులకు రాసేటప్పుడు ‘ప్లీజ్’ ఉండగా అదెందుకు?

ఇక ఋణం తీర్చుకోలేనన్న వాక్యం. మన దగ్గర ఈ మాట వినగానే అవతలివాళ్ళు ‘అయ్యో, అంత మాటెందుకు బాబూ’ అంటారు, అక్కడితో ఆ ముచ్చట ముగుస్తుంది. అక్కడివాళ్ళు మాటను ఉన్నదున్నట్టు తీసుకుంటారు. తాము అప్పు ఇచ్చామని అనుకోనివాళ్ళకు ‘మీ అప్పు జన్మలో తీర్చలేను’ అని రాస్తే ఏం బదులివ్వాలో తోచక ఇబ్బంది పడతారు. యూనివర్సిటీ లిస్టులో పేరు రాయించుకునే దంపతుల్లో చాలామంది పిల్లలు పెద్దవాళ్ళయి వెళ్ళిపోయినవాళ్ళు, ఇంట్లో ఖాళీ గదున్నవాళ్ళు, కొత్తగా దిగిన పిల్లలకు తోడుంటే తమకూ బాగుంటుందని ఇష్టపడి చేసేవాళ్ళు. వాళ్ళు తెలుసుకోవాలనుకునేది ఒక్కటే, తాము చేసిన పనిలో ఏది మీకు నిజంగా అక్కరకొచ్చిందన్నది.

అందుకే పెద్ద మాటలు వదిలేసి, జరిగినవి రాయండి. మీరు నాకు రాసిన ఉత్తరంలోనే కార్డు మొత్తం ఉంది. ఎయిర్‌పోర్టు, సైకిల్, వంట, అలారం. ఒక్కోటి తీసుకుని ఇంగ్లిష్‌లో ఎలా పెట్టవచ్చో చూద్దాం.

ఆలస్యం గురించి ఒకే ఒక్క వాక్యం. ‘ఐవ్ బీన్ మీనింగ్ టు రైట్ దిస్ సిన్స్ ఆగస్ట్.’ అంతే. మిడ్‌టర్మ్‌లు, అసైన్‌మెంట్లు, జ్వరం అని కారణాలు ఏకరువు పెట్టొద్దు. కారణాలు పెరిగేకొద్దీ కార్డు మీ గురించి అయిపోతుంది. రెండు నెలలు దాటాక వచ్చిన కార్డును చూసి ఇప్పుడా అని ఎవరూ అనుకోరు, ఇంకా గుర్తుపెట్టుకున్నాడనే అనుకుంటారు.

తరవాత ఎయిర్‌పోర్టు. ‘ఐ స్టిల్ థింక్ అబౌట్ దట్ ఫస్ట్ నైట్. మై ఫ్లైట్ వాజ్ ఫోర్ అవర్స్ లేట్, అండ్ యూ వర్ బోత్ స్టిల్ స్టాండింగ్ దేర్. ఐడ్ బీన్ సో నెర్వస్ ఆన్ ద ప్లేన్. బై ద టైమ్ వీ గాట్ టు ద కార్, ఐ వాజంట్.’ ఇందులో ఒక్క గొప్ప మాట కూడా లేదు. మనసు సంగతి చెప్పే విశేషణం కూడా ‘నెర్వస్’ ఒక్కటే, అదీ మీ గురించి. ‘యువర్ హాస్పిటాలిటీ వాజ్ ఎక్సలెంట్’ అని హోటల్‌కి కూడా రాయొచ్చు. ఈ నాలుగు వాక్యాలు మాత్రం ఆ ఇద్దరికి తప్ప ఇంకెవరికీ రాయలేరు. కార్డులో ఏ వాక్యం రాసినా ఈ పరీక్ష పెట్టండి. వేరే ఇంటికి పంపినా చెల్లుతుందంటే కొట్టెయ్యండి.

ఐడ్, ఐవ్, వాజంట్ లాంటి కుదించిన రూపాలు చూశారు కదా. ఇంగ్లిష్‌లో మాట్లాడుతున్న ధోరణి చాలావరకు వీటివల్లే వస్తుంది. ‘ఐ హాడ్ బీన్’, ‘ఐ వాజ్ నాట్’ అని విడదీస్తే వ్యాకరణం తప్పు కాదు, కానీ గొంతు బిగుసుకుంటుంది. రాసింది పైకి చదవండి. ఆ ఇంటి వంటింట్లో నిలబడి మీ నోటితో అనని వాక్యం ఏదైనా ఉంటే దాన్ని సడలించండి.

ఇప్పుడు ఇద్దరినీ విడివిడిగా పలకరించాలి. దంపతులకు రాసే కార్డుల్లో చాలామంది మర్చిపోయేది ఇదే. ‘టామ్, ద బైక్ ఈజ్ డూయింగ్ గ్రేట్. ఐ రైడ్ ఇట్ టు క్యాంపస్ ఎవ్రీ డే, అండ్ ఐ ఫైనల్లీ లర్న్‌డ్ టు ఫిక్స్ ద చైన్ మైసెల్ఫ్.’ చెయిన్ వేసుకోవడం మీకు నిజంగా వచ్చి ఉంటేనే ఇది రాయండి, లేకపోతే వేరే నిజం వెతకండి. పెద్దాయనకు తాను బాగుచేసిన వస్తువు నడుస్తోందన్న కబురు కంటే పెద్ద థాంక్యూ ఉండదు. ‘లిండా, ఐ మేడ్ యువర్ టొమాటో సూప్ లాస్ట్ వీక్. మై రూమ్మేట్స్ యాడెడ్ చిలీ పౌడర్, సారీ!’ ఆవిడ మీకు ఏం వండిపెట్టిందో మీరు నాకు చెప్పలేదు, సూప్ నేను ఊహించింది. అసలుది మీరు వేసుకోండి. ఒక జాగ్రత్త, వంట గురించి ‘ఓకే’, ‘నైస్’ అని రాయొద్దు. మనం బాగుందన్న అర్థంలోనే వాడతాం, వాళ్ళకు అది పర్లేదన్నట్టు తగులుతుంది.

స్మోక్ అలారం తప్పకుండా ఉండాలి. ‘ఐ ప్రామిస్ ఐ నౌ ఓపెన్ ద విండో బిఫోర్ ఐ హీట్ ద ఆయిల్.’ ముగ్గురూ కలిసి నవ్వుకున్న సంగతి కాబట్టి అది ఇప్పుడు ఆ ఇంటి జోకు. దాన్ని తలుచుకుంటే మీరూ ఆ ఇంట్లో ఒకరన్నట్టే. ‘ఎక్స్‌క్యూజ్ ఎనీ మిస్టేక్స్’ అని గంపగుత్తగా క్షమాపణ అడిగితే మాత్రం ‘ఏం తప్పులబ్బా?’ అని వాళ్ళు వెతుక్కోవాలి.

పసుపు మరక సంగతి వేరు. అలారం మీ ముగ్గురికీ తెలుసు, మరక గురించి మీకే తెలుసు, లేదా మీకే తెలుసని మీరు అనుకుంటున్నారు. తెల్లటి గట్టు మీద పసుపు మచ్చ ఎవరి వల్ల పడిందో లిండాకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. మీ ముందు మూడు దారులున్నాయి. ఏమీ అనకుండా వదిలేస్తే బహుశా ఏమీ జరగదు, కానీ ఆ ఇంటికి వెళ్ళిన ప్రతిసారీ మీ చూపు అక్కడికే పోతుంది. కార్డులో రాస్తే థాంక్యూ కాస్తా ఒప్పుకోలు పత్రమవుతుంది. ఆవిడ ఆ కార్డును ఫ్రిజ్‌కి అంటించుకుంటే మరక కూడా అక్కడే వేలాడుతుంది. మూడోది, విడిగా ఒక మెసేజ్ పెట్టడం, లేదా ఈసారి కలిసినప్పుడు గట్టు దగ్గర నిలబడి చెప్పెయ్యడం. నేనైతే ఈ మూడోదే చేస్తాను. ‘ఐ థింక్ ఐ లెఫ్ట్ ఎ టర్మరిక్ స్టెయిన్ ఆన్ యువర్ కౌంటర్. ఐ షుడ్ హావ్ టోల్డ్ యూ. కెన్ ఐ కమ్ ఓవర్ అండ్ ట్రై టు గెట్ ఇట్ అవుట్?’ అని అడగండి. పసుపులోని రంగు వెలుతురు తగిలితే క్రమంగా వెలిసిపోతుంది. మన ఇళ్ళల్లో పసుపంటిన బట్టను ఎండలో ఆరేసేది అందుకే. కిటికీ పక్కన గట్టయితే ఇప్పటికే చాలావరకు పోయి ఉండొచ్చు. లేకపోతే బేకింగ్ సోడాలో కొంచెం నీళ్ళు కలిపి ముద్దలా రాసి, కాసేపుంచి మెత్తటి గుడ్డతో తుడవాలి. గరుకు స్క్రబ్బర్ పట్టారంటే మరకతోపాటు గట్టు మెరుపూ పోతుంది. ఏదైనా ఆవిడను అడిగాకే చెయ్యండి.

చర్చి సంగతి మీ ఉత్తరంలో చివర్లో ఉన్నా, మీ చెయ్యి ఇన్నాళ్ళు కదలకపోవడానికి అదే అసలు కారణమని నాకనిపిస్తోంది. ప్రేమగా రాస్తే ఒప్పుకున్నట్టవుతుందేమోనని మీ భయం. కాదు. సైకిల్‌కి థాంక్స్ చెబితే సైకిల్‌కి చెప్పినట్టే. కార్డులో చర్చి ఊసు ఎత్తకండి, వస్తాననీ వద్దు, రాననీ వద్దు. ‘థాంక్యూ ఫర్ టేకింగ్ మీ టు చర్చ్’ అని మొహమాటానికి రాశారో, వచ్చే ఆదివారం కారు మీ వాకిట్లో ఉంటుంది, అందులో వాళ్ళ తప్పేమీ ఉండదు.

ఆ మాట విడిగా తేల్చుకోవాలి. ఇప్పటిలాగే ప్రతి ఆదివారం ఒక సాకు చెప్పొచ్చు. దానివల్ల నష్టమేంటంటే, సాకులు ఒకరోజు అయిపోతాయి, ఆలోపు మీరు వాళ్ళ ఫోన్ చూస్తేనే ఉలిక్కిపడే స్థితికొస్తారు. ‘చూస్తానండి’ అన్న అర్థంలో ‘ఐల్ ట్రై’ అనొచ్చు. మన దగ్గర అది రానని చెప్పే మర్యాద, అవతలివాళ్ళకూ తెలుసు. అక్కడ దాన్ని నిజంగానే ప్రయత్నం అనుకుని మీ కోసం సీటు ఉంచుతారు. ఇక నేరుగా చెప్పడం ఉంది. ‘ఐ థింక్ ఐల్ స్కిప్ చర్చ్ ఫ్రమ్ నౌ ఆన్, బట్ ఐడ్ లవ్ టు సీ యూ బోత్. కుడ్ వీ డూ లంచ్ సమ్‌టైమ్?’ చర్చి వద్దు, మీరు కావాలి అన్న రెండు ముక్కలూ ఒకే ఊపిరిలో వస్తే నొచ్చుకోవడానికి చోటు తక్కువ. నొచ్చుకోరని హామీ ఇవ్వలేను. కొద్దిమంది పిలవడం తగ్గిస్తారు. ఎక్కువమంది ‘ఓహ్, షూర్’ అని లంచ్ డేట్ అడుగుతారు. మీ నమ్మకాల గురించి వివరణలు మొదలుపెట్టకండి, వివరణ ఇస్తే వాదనకు రమ్మన్నట్టే. ఈ మెసేజ్ కార్డు అందిన వారంలోనే పెట్టొద్దు. కొంచెం ఎడం ఉండనివ్వండి, లేదా ఆవిడ మళ్ళీ పిలిచినప్పుడు జవాబుగా చెప్పండి.

థాంక్స్‌గివింగ్‌కి జవాబు మాత్రం కార్డు కోసం ఆపకండి, ఈరోజే చెప్పండి. అది నవంబర్ నాలుగో గురువారం. ఎంతమంది వస్తున్నారో చూసుకుని టర్కీ కోడి ఎంతది కొనాలో, ఎన్ని కుర్చీలు వెయ్యాలో ముందే లెక్కేసుకుంటారు. వెళ్తుంటే ‘ఐడ్ లవ్ టు కమ్. వాట్ కెన్ ఐ బ్రింగ్?’ అని అడగండి. ‘జస్ట్ యువర్‌సెల్ఫ్’ అంటారు, అయినా ఏదో ఒకటి పట్టుకెళ్ళాలి. కారం తక్కువేసిన నిమ్మకాయ పులిహోర పెద్ద గిన్నెడు చేసుకెళితే రెండు పనులవుతాయి, మీకు కచ్చితంగా తినడానికి ఒకటుంటుంది, వాళ్ళకూ కొత్త రుచి. వేరుశనగపప్పు వేసే ముందు బంధువుల్లో ఎవరికైనా అలర్జీ ఉందేమో కనుక్కోండి, అక్కడ అది మామూలు ప్రశ్నే. భోజనానికి ముందు ప్రార్థన చేస్తే కాసేపు తల వంచుకుని కూర్చుంటే చాలు, దాన్ని ఎవరూ మతం పుచ్చుకోవడంగా లెక్కెయ్యరు.

అమ్మగారి వెండి భరిణె, చీర. ఆవిడ మనసు అర్థమవుతోంది, తన బిడ్డకు అన్నం పెట్టిన చెయ్యి అది. కానీ పైసా తీసుకోనివాళ్ళ ఇంటికి వెండి వస్తే, దానికి ఏం తిరిగివ్వాలా అన్న ఆలోచన అటువైపు మొదలవుతుంది. గిఫ్ట్ కార్డు ఇంకా ఇబ్బంది, దాని మీద డాలర్ల అంకె ఉంటుంది కాబట్టి అద్దె కట్టినట్టుంటుంది. వస్తువు ఇవ్వాలనే ఉంటే చిన్నది, మన ఊరి వైపుది చూడండి. కొండపల్లి బొమ్మ ఒకటి, లేదంటే పోచంపల్లి నేత టేబుల్ రన్నర్. ఎవరైనా వస్తుంటే వాళ్ళ సూట్‌కేసులో వస్తుంది, కొరియర్‌కి వేలు పొయ్యక్కర్లేదు. ఏ వస్తువూ లేకుండా కార్డు ఒక్కటే పంపినా అక్కడ లోటేమీ కాదు.

అయితే అమ్మగారిని కార్డులోంచి తప్పించకండి. ఆవిడ చేత ఒక కాగితం మీద రెండు ముక్కలు తెలుగులో రాయించి ఫొటో పంపమనండి. అక్కడ మందుల షాపుల్లోనే ఫొటోలు ప్రింట్ తీసిస్తారు. ఆ ప్రింట్ వెనక మీరు ఇంగ్లిష్‌లో రాయండి. అమ్మగారు ఋణం, జన్మ అని ఎంత రాసినా రాయనివ్వండి, తల్లి రాస్తే ఆ మాటలకు వేరే బరువు, వాళ్ళకూ అది తెలుస్తుంది. మీ వంతుగా కార్డులో ‘మై మామ్ సేస్ థాంక్యూ టూ. షీ స్లెప్ట్ వెల్ ఇన్ ఆగస్ట్ బికాజ్ ఐ వాజ్ ఎట్ యువర్ హౌస్’ అని ఉంటే చాలు.

ముగింపు దగ్గర ‘మా ఇంటికి తప్పకుండా రావాలి’ అని గాల్లో వదలకండి. నిజంగా పిలుస్తుంటే రోజు చెప్పండి. ‘ఐడ్ లవ్ టు కుక్ డిన్నర్ ఫర్ యూ బోత్. వుడ్ ఎ సాటర్డే ఇన్ ఎర్లీ డిసెంబర్ వర్క్?’ పిలిచే ఉద్దేశం లేకపోతే ఆ వాక్యం మానెయ్యండి. నలుగురు కుర్రాళ్ళు ఉండే అపార్ట్‌మెంట్ ఎలా ఉంటుందో నాకు తెలుసు, పిలిచేముందు బాత్‌రూమ్ ఒకసారి చూసుకోండి. చివర్లో ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’ బ్యాంకు మేనేజర్‌కి వదిలెయ్యండి. ‘వార్మ్‌లీ’ ఎవరికైనా నప్పుతుంది. ఒకే ఇంట్లో ఉన్నారు కాబట్టి ‘లవ్’ అని పెట్టి కింద పేరు రాసినా ఎబ్బెట్టుగా ఉండదు. సంతకంలో వాళ్ళు పిలిచిన పేరే ఉండాలి, ఇంటిపేరుతో సహా పాస్‌పోర్టు పేరు కాదు.

మొత్తం పన్నెండు, పదిహేను వాక్యాలు దాటదు. దీన్ని వాట్సాప్‌లో పెట్టొచ్చా అంటే పెట్టొచ్చు, వెంటనే అందుతుంది, వాళ్ళు ఒక బొమ్మ పెడతారు, మర్నాటికి కిందికి జారిపోతుంది. ఈమెయిల్ అయితే నాలుగు ఫొటోలు జతచెయ్యొచ్చు. ఆ వయసువాళ్ళకు, ఆ ప్రాంతంలో చేత్తో రాసిన కార్డుకున్న విలువ వేరు, కాబట్టి నా ఓటు దానికే. లోపల ఏమీ అచ్చువెయ్యని ఖాళీ కార్డు కొనండి. ముందు వేరే కాగితం మీద రాసుకుని, తరవాత ఎత్తిరాయండి. ఇంగ్లిష్ తప్పుల కోసం పదిమందికి చూపించొద్దు, ఒక్కొక్కరు ఒక్కో వాక్యం సరిచేస్తే చివరికి మీ గొంతు పోతుంది. చిన్న వ్యాకరణ దోషం ఉన్నా పోయేదేం లేదు. వాళ్ళ పేర్ల స్పెల్లింగ్ మాత్రం పాత మెసేజ్‌లు తీసి అక్షరం అక్షరం సరిచూసుకోండి. తేదీలో నెల పేరు అక్షరాల్లో రాయండి. మనం రోజు ముందు రాస్తాం, వాళ్ళు నెల ముందు రాస్తారు, అంకెలు పెడితే తికమక.

కవరు మీద ఎడమ పక్క పైమూల మీ చిరునామా, మధ్యలో వాళ్ళది జిప్ కోడ్‌తో సహా, కుడి పైమూల స్టాంపు. ఫరెవర్ స్టాంపు ఒకటి మామూలు కార్డుకి సరిపోతుంది, దాని మీద ధర అంకె ఉండదు, రేటు పెరిగినా చెల్లుతుంది. చదరంగా ఉన్న కవరుకీ, లోపల బొమ్మో మరోటో పెట్టి ఉబ్బిన కవరుకీ అదనంగా కట్టాలి. ఆ తేడా తెలియక ఒక్క స్టాంపుతో వేస్తే తిరిగి మీకే రావచ్చు, లేదా మిగతా డబ్బు లిండాను అడగవచ్చు. అందుకే పొడవాటి కవరున్న కార్డే కొనండి. నీలం రంగు పోస్టు డబ్బాలో వేస్తే ఒకటి నుంచి అయిదు రోజుల్లో చేరుతుంది.

‘మేం హోస్ట్ ఫ్యామిలీకి వారానికింతని డబ్బు కట్టి ఉన్నాం, మరి మేమేం రాయాలి?’ అని ఇది చదివే ఆస్ట్రేలియా, కెనడా, బ్రిటన్ పిల్లలు అడగొచ్చు. అక్కడి హోమ్‌స్టేలలో చాలావరకు పద్ధతి అదే కదా. వాళ్ళు కార్డులో గదికీ భోజనానికీ థాంక్స్ చెప్పకుండా, ఒప్పందంలో లేనివి ఏరి రాస్తే బాగుంటుంది. జ్వరమొచ్చినప్పుడు టీ పెట్టిచ్చారనో, పరీక్ష రోజు బస్టాప్ దాకా దింపారనో.

పోస్టులో వేశాక ‘అందిందా?’ అని మెసేజ్ పెట్టకండి. థాంక్యూ కార్డుకి మళ్ళీ థాంక్యూ రాసే ఆనవాయితీ అక్కడ లేదు, కాబట్టి పదిరోజులు చప్పుడు లేకపోయినా కోపమొచ్చిందనుకోవద్దు. డిసెంబర్ భోజనం సంగతి అడిగారు కనుక దానికి మాత్రం జవాబొస్తుంది. రాకపోతే థాంక్స్‌గివింగ్ రోజు పులిహోర గిన్నె చేతికిస్తూ ‘డిడ్ యూ గెట్ ఎ ఛాన్స్ టు థింక్ అబౌట్ దట్ సాటర్డే?’ అని అడిగెయ్యండి.